జీఎం ట్యూబు మింగేసిన కౌంట్లు: డెడ్ టైమ్ మీరే కొలుచుకుని కరెక్ట్ చేసుకోవడం

ప్రశ్న: ఎండ్ విండో జీఎం ట్యూబుతో ఇన్వర్స్ స్క్వేర్ ప్రయోగం చేస్తున్నా, గామా సోర్సు. 20 సెం.మీ. దగ్గర సెకనుకి 249, 10 దగ్గర 893, 5 దగ్గర 2610 వచ్చాయి. దూరం సగం చేస్తే నాలుగు రెట్లు రావాలి కదా, రావట్లేదు. డెడ్ టైమ్ అంటున్నారు. ట్యూబు డేటాషీట్లో 90 మైక్రోసెకన్లు అని ఉంది, అది వేసి చూసినా సరిపోలేదు. ఏం చేయాలి? కరెక్షన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

సమాధానం:

మీ రీడింగుల్లో తప్పేం లేదండి, తప్పంతా ఆ 90లో ఉంది. డేటాషీటు వాళ్ళు ఇచ్చేది చాలాసార్లు ట్యూబుకి ఉండే కనీస డెడ్ టైమ్, అదీ వాళ్ళు చెప్పిన వోల్టేజి దగ్గర. మీ కౌంటరు నిజంగా ఎంతసేపు గుడ్డిగా ఉంటుందో అది చెప్పదు. అది మీ ట్యూబు, మీ వోల్టేజి, మీ సర్క్యూట్‌లో పెట్టిన త్రెషోల్డ్ మూడూ కలిసి తేల్చే సంఖ్య, అందుకే ఎవరిది వాళ్ళు కొలుచుకోవాల్సిందే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే తర్వాత వచ్చే తలనొప్పులన్నీ ఇక్కడివే. ఒక గామా వచ్చి ట్యూబు గోడలోంచి ఒక ఎలక్ట్రాన్‌ని గ్యాసులోకి తోసిందనుకోండి, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లు మధ్యలో ఉన్న సన్నటి ఆనోడ్ తీగ వైపు పరిగెత్తి అవలాంచ్ మొదలుపెడతాయి, ఆ అవలాంచ్‌లో పుట్టిన అల్ట్రావయొలెట్ ఫోటాన్లు పక్కన ఇంకో అవలాంచ్, దాని పక్కన ఇంకోటి, అలా తీగ పొడవునా మంట అంటుకున్నట్టు పాకేస్తుంది. ఎలక్ట్రాన్లు క్షణంలో తీగకి చేరిపోతాయి. పాజిటివ్ అయాన్లు మాత్రం బరువైనవి కదా, తీగ చుట్టూ ఒక గొట్టంలాగా నిలబడిపోయి నెమ్మదిగా కాథోడ్ వైపు జరుగుతుంటాయి. ఆ గొట్టం తీగకి దగ్గర్లో ఉన్నంతసేపూ తీగ దగ్గర ఫీల్డ్ పడిపోయి ఉంటుంది, ఆ టైములో ఇంకో గామా వచ్చినా అవలాంచ్ లేవదు. ఆర్గాన్ అయినా నియాన్ అయినా, క్వెంచింగ్‌కి ఆల్కహాల్ వేసినా హాలోజెన్ వేసినా ఈ కథ ఇంతే, మామూలుగా 50 నుంచి 200 మైక్రోసెకన్ల వ్యవహారం.

కానీ ఆ టైము అయిపోగానే స్విచ్ వేసినట్టు ట్యూబు మళ్ళీ పూర్తిగా లేచి కూర్చోదు. మొదట చిన్న పల్సులు వస్తాయి, అయాన్లు దూరం వెళ్ళేకొద్దీ పల్సు ఎత్తు పెరుగుతూ పోయి చివరికి పూర్తి సైజుకి వస్తుంది. గట్టి సోర్సు పెట్టి ఆసిలోస్కోపులో మొదటి పల్సు మీద ట్రిగ్గర్ చేస్తే ఇది కళ్ళారా కనిపిస్తుంది, పెద్ద పల్సు తర్వాత కాసేపు ఖాళీ, ఆ తర్వాత మెట్లెక్కినట్టు పెరిగే చిన్న చిన్న పల్సులు. 1942లో స్టీవర్ ఇలాగే స్కోపు మీద డెడ్ టైమ్‌ని చూపించాడు. ఇప్పుడు మీ 90కి ఏమైందో అర్థమయ్యే ఉంటుంది. ట్యూబు 90 మైక్రోసెకన్లకి ఏదో ఒక చిన్న పల్సు ఇవ్వగలదు, కానీ అది మీ సర్క్యూట్ త్రెషోల్డ్ దాటేంత ఎత్తు ఉండాలిగా? ఆ ఎత్తు వచ్చేదాకా మీ కౌంటరుకి అది లేనట్టే. లెక్కల్లో వాడాల్సింది ఈ పెద్ద టైము, దీన్నే కొంతమంది రిజాల్వింగ్ టైమ్ అంటారు, నేను కింద డెడ్ టైమ్ అనేస్తున్నా.

కరెక్షన్ ఫార్ములా మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక్క ముక్కలో. సెకనుకి m కౌంట్లు నమోదయ్యాయి, ఒక్కోదాని వెనక T సెకన్లు కౌంటరు మూసుకుపోయింది, అంటే సెకనులో m*T వంతు దుకాణం కట్టేసి ఉంది. తెరిచి ఉన్న టైముతో భాగిస్తే అసలు రేటు n వస్తుంది.

```
n = m / (1 - m*T)
```

ఇందులో తప్పులు ఎక్కువ జరిగేది యూనిట్ల దగ్గర. కౌంట్లు నిమిషానికి తీసుకుని T సెకన్లలో వేసేస్తారు. 120 మైక్రోసెకన్లు అంటే నిమిషాల్లో 0.000002. ఇంకోటి, బ్యాక్‌గ్రౌండ్ ముందు తీసేసి తర్వాత కరెక్ట్ చేస్తారు, అది తిరగేసి చేయాలి. బ్యాక్‌గ్రౌండ్ పల్సు కూడా ట్యూబుని అంతే సేపు మూసేసింది కాబట్టి ముందు మొత్తం రేటుని కరెక్ట్ చేసి తర్వాత బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి.

ఇక T కొలవడం. స్కోపు లేకపోయినా పర్లేదు, రెండు సోర్సులుంటే చాలు. ఒక్కొక్కటీ విడిగా కొలిచి, తర్వాత రెండూ కలిపి కొలవాలి. అసలు రేట్లు కచ్చితంగా కూడాలి, కానీ చూసిన రేట్లు కూడవు, కలిపినప్పుడు నష్టం ఎక్కువ కాబట్టి తక్కువ వస్తుంది. ఎంత తక్కువ వచ్చిందన్నదే T చెప్పేస్తుంది.

```
D = m1 + m2 - m12
Z = m12 * D / (m1 * m2)
T = (1 - sqrt(1 - Z)) / m12
```

లెక్క చేసి చూపిస్తా. మీ సెటప్ లాంటి దాంట్లో ఒక్కోటీ 100 సెకన్ల చొప్పున కొలిస్తే మొదటి సోర్సు 104900, రెండూ కలిపి 180250, రెండోది ఒక్కటే 97170 వచ్చాయనుకుందాం. అంటే m1 = 1049, m2 = 971.7, m12 = 1802.5. విడివిడివి కూడితే 2020.7 రావాలి, కలిపితే 1802.5 వచ్చింది, D = 218.2 మాయం. Z = 0.386, దాని నుంచి T = 0.000120, అంటే 120 మైక్రోసెకన్లు. చాలా ల్యాబ్ మాన్యువళ్ళలో D / (2*m1*m2) అని ఒక పొట్టి ఫార్ములా ఉంటుంది, దాంతో ఇదే డేటాకి 107 వస్తుంది. నష్టం తక్కువున్నప్పుడు అది సరిపోతుంది గానీ ఇక్కడ పదోవంతు తక్కువ చూపిస్తుంది, వర్గమూలం నొక్కడానికి బద్ధకించొద్దు. బ్యాక్‌గ్రౌండ్ m1లో ఒకసారి, m2లో ఒకసారి, m12లో ఒకసారి ఉంటుంది కాబట్టి Dలో నికరంగా ఒక బ్యాక్‌గ్రౌండ్ మిగిలిపోతుంది, అది ఒకసారి తీసేయాలి. సెకనుకి 0.5 లాంటిదైతే 218 పక్కన దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడే అసలు చిక్కు. D అనేది రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా. పై కేసులో మూడు కౌంట్లనీ కూడి వర్గమూలం తీస్తే 618, సెకనుకి 6.2. అంటే D 218 ప్లస్ ఆర్ మైనస్ 6, T 120 ప్లస్ ఆర్ మైనస్ 4, హాయిగా ఉంది. అదే సెకనుకి 100 వచ్చే బలహీనమైన సోర్సులతో చేశారనుకోండి, T అదే 120 ఉన్నా D వచ్చేది 2.4, దాని మీద ఎర్రర్ 2. ఆ లెక్కలో T సున్నా అన్నా నమ్మాలి, 200 అన్నా నమ్మాలి. కాబట్టి రెండూ కలిపినప్పుడు ఒక 20 శాతం దాకా నష్టం వచ్చేంత గట్టి సోర్సులు తీసుకోండి, ఒక్కోటీ కనీసం 100 సెకన్లు కొలవండి. 10 సెకన్ల రీడింగులతో చేస్తే పై కేసులోనే T మీద ఎర్రర్ 10 శాతం దాకా పోతుంది.

వరస కూడా ముఖ్యం. మొదటి సోర్సు పెట్టి కొలవండి, దాన్ని అస్సలు కదపకుండా పక్కన రెండోది పెట్టి రెండూ కొలవండి, తర్వాత రెండోదాన్ని కదపకుండా మొదటిది తీసేసి కొలవండి. నేను మొదట్లో ఇది లెక్కచేయక ఒకసారి T మైనస్‌లో తెచ్చుకున్నా, రెండు కలిపితే విడివిడివాటి మొత్తం కన్నా ఎక్కువ వచ్చింది! రెండు గంటలు ఫార్ములా మీద పడి ఏడ్చాక తెలిసిందేంటంటే రెండోది పెట్టేటప్పుడు చెయ్యి తగిలి మొదటిది ట్యూబు వైపు కొంచెం జరిగింది. మీకూ D మైనస్ వస్తే ఫార్ములా జోలికి పోకండి, హోల్డర్ చూడండి. అలాగే ఒక సోర్సు మాత్రమే ఉన్నప్పుడు రెండో గాడి ఖాళీగా వదలకుండా అదే సైజు డమ్మీ బిళ్ళ పెట్టండి, లేకపోతే పక్క సోర్సు నుంచి దాని మీద పడి చెదిరి వచ్చే రేడియేషన్ ఒకసారి ఉండి ఒకసారి లేకుండా పోతుంది. బీటా సోర్సులకైతే ఇది ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ మూడు రీడింగులకి 120 వేద్దాం. కొలిచేదాకా మీ T ఎంతో నేను చెప్పలేను గానీ ఈ సంఖ్య మీ డేటాకి ఎంత బాగా అతుకుతుందో చూడండి. 249 కాస్తా 257 అవుతుంది, 893 కాస్తా 1000, 2610 కాస్తా 3800. నిష్పత్తులు 3.9, 3.8. ఇంకా నాలుగు రాలేదు కదా అంటారు. కానీ ఈ మిగిలిన తేడాని డెడ్ టైమ్ ఖాతాలో వేయకండి, T ని ఇంకా పెంచి నాలుగు తెప్పించాలనే కోరిక అందరికీ పుడుతుంది, అక్కడే ఆగాలి. మీరు దూరం ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? సోర్సు బిళ్ళ పైనుంచి విండో దాకా అయ్యుంటుంది. యాక్టివ్ పదార్థం బిళ్ళ లోపల ఉంటుంది, గామాలు కౌంటు అయ్యేది విండో వెనకాల. అంటే అసలు దూరం స్కేలు చూపించే దానికన్నా కొంచెం ఎక్కువ.

దీన్ని విడదీయడానికి మంచి కిటుకు ఉంది. n కి వర్గమూలం తీసి దాన్ని ఒకటి కింద వేసి, ఆ సంఖ్యని దూరానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి, ఇన్వర్స్ స్క్వేర్ నిజమైతే సరళరేఖ రావాలి. కరెక్ట్ చేసిన వాటితో 20, 10, 5 దగ్గర 0.0624, 0.0316, 0.0162 వస్తాయి. వాలు 20 నుంచి 10కి సెంటీమీటరుకి 0.00308, 10 నుంచి 5కి కూడా 0.00308. గీత తిన్నగా ఉంది. అది అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా మైనస్ 0.27 సెం.మీ. దగ్గర కొడుతుంది, అదే మీ స్కేలులో కనపడని దూరం, దాదాపు 3 మి.మీ. కరెక్ట్ చేయని రీడింగులతో ఇదే గీస్తే వాలు 0.00299, 0.00278 వచ్చి గీత వంగిపోతుంది. దూరంలో తప్పు గీతని పక్కకి జరుపుతుంది, డెడ్ టైమ్ గీతని వంచుతుంది, రెండూ రెండు రకాల గుర్తులు. మూడు పాయింట్లతో ఇంత ధీమాగా చెప్పడం కొంచెం అతే, 7, 15 దగ్గర కూడా తీయండి.

ఎంతవరకు నమ్మొచ్చు అన్నారు కదా. పైన వాడిన ఫార్ములాలో ఒక ఊహ ఉంది, మూసుకున్న టైములో వచ్చిన గామా ఏ ప్రభావమూ లేకుండా పోతుందని. ఇలా నడిచే కౌంటర్లని నాన్ పారలైజబుల్ అంటారు. నిజం ట్యూబులో, ఇందాక చెప్పిన చిన్న పల్సులు గుర్తున్నాయా, అవి త్రెషోల్డ్ దాటవు కాబట్టి కౌంటు కావు, కానీ కొత్త అయాన్ల గొట్టాన్ని మాత్రం తయారుచేసేస్తాయి, దాంతో మూసుకున్న టైము ఇంకా సాగుతుంది. ఇది పారలైజబుల్ ప్రవర్తన, దాని లెక్క వేరు:

```
m = n * exp(-n*T)
```

మీ ట్యూబు ఈ రెంటిలో ఏదో ఒకటి కాదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. సర్క్యూట్‌లో ప్రతి పల్సుకీ ట్యూబు టైముకన్నా పొడుగైన ఫిక్స్‌డ్ గేటు పెట్టి ఉంటే మాత్రం మొదటి ఫార్ములాకి బాగా దగ్గరగా నడుస్తుంది. మరి ఏది వాడాలి? పై రెండు సోర్సుల డేటానే రెండో ఫార్ములాతో చేసి చూశా, T 120 బదులు 101 వచ్చింది. ఆ 101తో, ఆ ఫార్ములాతో మీ 2610ని కరెక్ట్ చేస్తే 3850 వస్తుంది, మొదటి దారిలో 3800. తేడా ఒక శాతం చిల్లర! మోడల్ తప్పైనా T ని అదే మోడల్‌తో, మీరు పనిచేసే రేట్లకి దగ్గర్లో కొలిచారు కాబట్టి తప్పు చాలావరకు దానంతటదే సర్దుకుంది. ఒక మోడల్‌తో తీసిన T ని ఇంకో మోడల్‌లో వేస్తే మాత్రం (120ని రెండో ఫార్ములాలో వేస్తే) 4450 వచ్చేస్తుంది, 17 శాతం తేడా. వోల్టేజి మార్చినా T మారుతుంది, మళ్ళీ కొలుచుకోవాల్సిందే.

నేను పాటించేది ఇది. m*T 0.3 దాకా ధైర్యంగా కరెక్ట్ చేస్తా. మీ 5 సెం.మీ. రీడింగు 0.31, అంచు మీద ఉంది. అది దాటితే ఫార్ములాని కాదు, ప్రయోగాన్ని మారుస్తా, దూరం జరపడమో, మధ్యలో అబ్సార్బర్ పెట్టడమో, చిన్న ట్యూబు వాడడమో. T మీద ఉన్న ఎర్రర్ n*T రెట్లు పెరిగి జవాబులోకి వస్తుంది. 3800 దగ్గర n*T 0.46 కాబట్టి T లో 3.5 శాతం ఎర్రర్ జవాబులో 1.6 శాతమే, కానీ 20000 దగ్గర అదే ఎర్రర్ 8 శాతం దాటుతుంది. అది కూడా మోడల్ సరైనదైతేనే.

ఇంకా పైకి పోతే లెక్క తప్పడం కాదు, ప్రమాదమే. పారలైజబుల్ ట్యూబులో రేటు ఒక శిఖరం దాకా వెళ్ళి కిందికి దిగడం మొదలుపెడుతుంది. T 101 అయితే శిఖరం సెకనుకి 3640, అసలు రేటు 9900 ఉన్నప్పుడు. ఆ తర్వాత సోర్సు ఎంత దగ్గరికొస్తే మీటరు అంత తక్కువ చూపిస్తుంది. మీటరు మీద 1450 ఉందనుకోండి, అసలు రేటు 1720 కావచ్చు, 30000 కూడా కావచ్చు, ఏ ఫార్ములా కూడా ఆ రెంటినీ విడదీయలేదు. విడదీసేది మీ చెయ్యి ఒక్కటే, ట్యూబుని వెనక్కి జరపండి, రీడింగు తగ్గితే 1720, పెరిగితే మీరు ఉండకూడని చోట ఉన్నారు. తెలియని సోర్సు దగ్గరికి సర్వే మీటరు పట్టుకెళ్ళేటప్పుడు దూరం నుంచే ఆన్ చేసి చూసుకుంటూ వెళ్ళమనేది అందుకే, దగ్గరికెళ్ళాక ఆన్ చేస్తే ఏ వైపు ఉన్నామో తెలీదు.

మీ కౌంటరు ఏ జాతిదో తెలుసుకోవాలంటే ఒక్క రీడింగు చాలు. సోర్సుని 3 సెం.మీ. దగ్గర పెట్టండి. పైన గీసిన గీత ప్రకారం అక్కడ అసలు రేటు 9900 దరిదాపుల్లో ఉండాలి. మొదటి ఫార్ములా నిజమైతే మీటరు 4500 చుట్టూ చూపిస్తుంది, రెండోదైతే 3640 దాటదు. అంత దగ్గర విండో వెడల్పు వల్ల కూడా కొంత తేడా వస్తుంది, దాన్ని మనసులో పెట్టుకోండి, కానీ ఈ రెండు సంఖ్యల మధ్య దూరం ముందు అది చిన్నదే. ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి, రెండు సోర్సుల రీడింగులు కూడా, చూసి చెప్తా.